పది గంటల స్విచ్చు

మనవడికి తొమ్మిదేళ్లు, మనవరాలికి ఆరేళ్లు. బడి తెరిచిన నెలకు ఒక సోమవారం మధ్యాహ్నం రెండింటికి బడి నుంచి ఫోను వచ్చింది. ఇద్దరూ వాంతులు చేసుకుంటున్నారని. ఇంటికి తెచ్చాక సాయంత్రం వరకూ ఒకటే వాంతులు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. మర్నాటికి లేచి ఆడుకున్నారు. ముందురోజు ఆర్.కె. బీచ్‌లో తిన్న పానీపూరీ మీదకు నెట్టేశాం.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి బీచ్‌కు వెళ్లనే లేదు. నీళ్లేమోనని మావాడు ఫిల్టరు మార్పించాడు. ఆ తర్వాత రెండు వారాలకు మూడోసారి.

నాకు పాల లెక్క క్యాలెండరులో రాసుకోవడం అలవాటు. వాంతులైన రోజుల గళ్లలో చిన్న సున్నా చుట్టి ఉంచాను. మూడూ సోమవారాలే. మధ్యలో రెండు సోమవారాలు ఏమీ కాలేదు. ఆ రెండు రోజులూ బాక్సులో ఏం పెట్టావని కోడలిని అడిగితే, ఒకరోజు చపాతీ, ఒకరోజు ఉప్మా అంది. సున్నా చుట్టిన మూడు రోజులూ నిమ్మకాయ పులిహోర. ఆదివారం రాత్రి కాస్త ఎక్కువ అన్నం వండి, ఉదయం దానికే పోపు పెట్టేది. మేం పెద్దవాళ్లం మధ్యాహ్నం వేడిగా వండుకుని తింటాం కాబట్టి మాకేమీ కాలేదు.

ఈ లెక్కంతా పిల్లల డాక్టరు గారికి చెప్పాను. తిన్న ఎన్ని గంటలకు వాంతి మొదలైందని ఆయన అడిగారు. పన్నెండున్నరకు తిన్నారు, రెండు లోపే మొదలైంది. "రాత్రి అన్నం బయటే ఉంచారా?" అన్నారు. లేదండీ, కరెంటు కుక్కర్‌లో వార్మ్ మీద ఉంటుంది, ఉదయం పొగలు కక్కుతూ ఉంటుంది అంది కోడలు.

నా గుండె గతుక్కుమంది. రాత్రి పది గంటలకు ఆ స్విచ్చు కట్టేసేది నేనే. రాత్రంతా కరెంటు ఎందుకు దండగ అని. మళ్లీ ఐదింటికి లేవగానే వేసేస్తాను, ఎవరూ ఏమీ అనకుండా. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

బియ్యానికి అంటుకుని బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉంటాయట. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం చెయ్యి కాలేంత వేడిగా ఉన్నంతసేపు అవి అలాగే పడి ఉంటాయి. గోరువెచ్చగా అయ్యాక మొలకెత్తి పెరుగుతాయి, విషం వదులుతాయి. ఉదయం మళ్లీ వేడి చేస్తే క్రిమి చావవచ్చు గానీ ఆ విషం పోదు. వాసన మారదు, రుచి మారదు.

అయినా నా కళ్లతో చూడాలనిపించింది. తర్వాతి ఆదివారం అన్నం మామూలుగానే వండించి, పదికి కట్టేసి, ఐదింటికి స్విచ్చు వేయకుండా మూత తీశాను. అంచున చల్లగా ఉంది. మధ్యలో వేలు గుచ్చితే పసిపిల్లకు పోసే నీళ్లంత వెచ్చన. ఏడు గంటలు గడిచినా ఆ ముద్ద చల్లారలేదు. విశాఖ ఉక్కపోతలో, మూత పెట్టిన గిన్నెలో ఎలా చల్లారుతుంది? ఆ అన్నం చెత్తబుట్టలో వేశాను.

మా చిన్నప్పుడు చద్దన్నం తిని పెరగలేదా అని నాకూ అనిపించింది. డాక్టరు గారిని అడిగితే, రాత్రే నీళ్లు పోసి పులియబెట్టింది వేరన్నారు. పులుపు ఎక్కితే ఆ క్రిమి సరిగా పెరగదు. అలాగని అదీ పూర్తి భరోసా కాదట. మా పులిహోరలో నిమ్మరసం పడింది తెల్లవారాక, జరగాల్సింది జరిగిపోయాక.

కోడలికి ఆ రోజే చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వేడిగా ఉంది కదా అని నేనూ చూసుకోలేదు అత్తయ్యా" అంది.

ఇప్పుడు అన్నం మిగిలితే రెండు వెడల్పాటి పళ్లాల్లో అంగుళం మందాన పరిచి ఫ్యాను కింద పెడతాం. వేడి తగ్గగానే, గంట దాటకుండా, లోతులేని డబ్బాలో ఫ్రిజ్‌లోకి. కుక్కర్ గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్య ముద్ద అక్కడా చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. మర్నాడు తీసి పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేసి ఇంట్లోనే తినేస్తాం. పిల్లల బాక్సులోకి మాత్రం ఉదయం వండిందే.

రాత్రి పదయ్యేసరికి నా చెయ్యి ఇంకా స్విచ్చు వైపే పోతుంది. అక్కడ కుక్కర్ కడిగి బోర్లించి ఉంటుంది.