పై బల్ల మీద కొంచెం సిసు

శుక్రవారం రాత్రి, ఎస్పో, ఫిన్లాండ్

మధ్యాహ్నం మూడున్నరకల్లా చీకటి పడింది. నవంబరు చివరి వారంలో ఇక్కడ ఇంతే. పొద్దున బస్సు ఎక్కేటప్పుడూ చీకటే, సాయంత్రం దిగేటప్పుడూ చీకటే. నిన్న పడిన మంచు సగం కరిగి రోడ్డంతా మట్టిరంగు జావలా ఉంది. ఎడమకాలి బూటు ఎక్కడో చిల్లుపడినట్టుంది, మేజోడు తడిసిపోయింది. ఆ తడి కాలితోనే ఫిన్నిష్ క్లాసులో రెండు గంటలు కూర్చున్నాను.

ఈ రోజు టీచరు వస్తూ వస్తూ ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. నల్లని బిళ్ళలు, పెట్టె మీద పేరు సిసు. 1928 నుంచి ఈ పేరుతో అమ్ముతున్నారట. అతిమధురంతో చేసినవని చెప్పగానే, చిన్నప్పుడు దగ్గుకు అమ్మ నమలమని ఇచ్చిన వేరు గుర్తొచ్చి ధైర్యంగా ఒకటి నోట్లో వేసుకున్నాను. నాలుక మీద తారు పూసినట్టయింది. ఉమ్మేయడానికి మొహమాటపడి మింగేశాను. లారీలు తయారుచేసే సంస్థకూ ఇదే పేరు, సముద్రంలో మంచును పగలగొట్టే ఓడకూ ఇదే పేరు. ఒక దేశం దగ్గుబిళ్ళకూ లారీకీ ఓడకూ ఒకే మాట పెట్టుకుందంటే ఆ మాట అర్థమేమిటో చెప్పండి అని టీచరు మా అందరినీ అడిగింది.

పక్కన కూర్చున్న వియత్నాం అమ్మాయి వెంటనే రెజిలియెన్స్ అంది. టీచరు తల అడ్డంగా ఊపింది. నాకూ ముందు అదే తోచింది కాబట్టి, అనకుండా ఊరుకున్నందుకు సంతోషించాను.

తర్వాత ఆమె ఒక పాత పరుగుపందెం వీడియో చూపించింది. 1972 సెప్టెంబరు 3, మ్యూనిక్ ఒలింపిక్స్, పదివేల మీటర్ల ఫైనల్. మొత్తం ఇరవై అయిదు చుట్లు. సగం దూరం దగ్గరపడుతుండగా గుంపులో పరిగెడుతున్న ఫిన్లాండ్ వాడు లాసే విరేన్ తూలి కింద పడ్డాడు. మిర్స్‌క్యులా అనే ఊరివాడు, పోలీసు ఉద్యోగి. అతని మీద తట్టుకుని ట్యునీసియా దేశపు మొహమ్మద్ గమ్ముదీ కూడా పడ్డాడు. విరేన్ లేచాడు. అటూ ఇటూ చూడలేదు, మోకాలు తడుముకోలేదు. ఒక చుట్టు తిరక్కుండానే ముందున్న గుంపును అందుకున్నాడు, చివరికి గెలిచాడు. గెలవడమొక్కటే కాదు, 27 నిమిషాల 38.4 సెకన్లతో ఏడేళ్లుగా నిలిచిన ప్రపంచ రికార్డును కొట్టాడు. ఫిన్లాండ్‌లో సిసు అనగానే ఈ వీడియో చూపించడం ఆనవాయితీ అట.

పడ్డాడు, లేచాడు; మరి అది రెజిలియెన్స్ కాదా అని వియత్నాం అమ్మాయి పట్టు వదల్లేదు. నాకు ఆ పిల్ల భలే నచ్చింది. టీచరు నవ్వి, తిరిగొచ్చి కోలుకోవడానికి అతనికి సమయం ఎక్కడుంది, పరుగు ఇంకా నడుస్తూనే ఉంది కదా అంది. ఆ మాట దగ్గర నాకు ఇంటర్‌లో చదివిన ఫిజిక్సు గుర్తొచ్చింది.

మన పాఠ్యపుస్తకాల్లో రెజిలియెన్స్‌కు దగ్గరి మాట స్థితిస్థాపకత. పైకప్పుకు బిగించిన తీగ, దాని కింద బరువుల పళ్లెం. బరువు వేస్తే తీగ సాగుతుంది, తీసేస్తే మునుపటి పొడవుకు వస్తుంది. ఆ రావడమే స్థితిస్థాపకత. అంటే బరువు తీసేశాక గాని తీగ గుణం మనకు తెలియదు. మనుషుల విషయంలో కోలుకోవడం, తేరుకోవడం, పుంజుకోవడం అని మనం వాడే క్రియలన్నీ దెబ్బ తగిలిన తర్వాత మొదలయ్యేవే. సిసు అలా కాదు. బరువు ఇంకా వేలాడుతూనే ఉంటుంది. పైగా స్థితిస్థాపక అవధి అని ఒకటుంది. అది దాటేవరకు సాగదీస్తే తీగ మళ్లీ పాత పొడవుకు రాదు. సిసు అనే మాట ఆ అవధి దాటిన తర్వాతి సంగతి. ఈ మాట మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎమిలియా లాహ్తి అనే పరిశోధకురాలు కూడా దాదాపు ఇదే చెబుతుంది: మామూలు పట్టుదల ఎక్కడ అయిపోతుందో సిసు అక్కడ మొదలవుతుందని. ఇక తీగ తర్వాత ఏ స్థితిలో ఉంటుందో సిసు హామీ ఇవ్వదు.

అలా చూస్తే విరేన్ పరుగు సిసుకు అంత మంచి ఉదాహరణ కాదేమో అనిపించింది. పడేటప్పటికి అతనిలో ఓపిక ఇంకా బోలెడుంది, రికార్డు కొట్టేంత ఉంది. నన్ను పట్టుకున్నది గమ్ముదీ. ఆ రోజు అతను లేచి కొంచెం పరిగెత్తి పందెం మానేశాడు. సరిగ్గా వారం తర్వాత, సెప్టెంబరు 10న, అయిదువేల మీటర్ల ఫైనల్లో అదే మైదానంలో అదే విరేన్ వెనక రెండోవాడుగా వచ్చి వెండి పతకం తీసుకున్నాడు. రెజిలియెన్స్‌కు బొమ్మ కావాలంటే అదే. వియత్నాం అమ్మాయికి చెబుదామనుకునేలోపు ఆమె బస్సు వచ్చేసింది.

సాయంత్రం ఆరింటికి మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఆడవాళ్ల సౌనా సమయం. సౌనా అంటే కాగిన రాళ్ల వేడిలో మెట్లలా ఉన్న చెక్క బల్లల మీద కూర్చునే గది. మూడో అంతస్తు పెద్దావిడ అప్పటికే పై బల్ల మీద ఉంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఇక్కడ చిన్నా పెద్దా అందరినీ ఏకవచనంలోనే పిలవాలి. రెండేళ్లయినా ఆమెను పేరు పెట్టి పిలవాలంటే నాకు నోరు రాదు, అందుకే అసలు ఏ పిలుపూ లేకుండా మాట్లాడతాను. మామూలుగా నేను కింది బల్ల మీద కూర్చుంటాను. ఈ రోజు క్లాసు ప్రభావం కాబోలు, నేరుగా పైకెక్కాను. ఆమె చెక్క గరిటెతో రాళ్ల మీద నీళ్లు పోసింది. చుయ్యిమంది. ఒక్క క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత ఆవిరి చెవుల అంచులు పట్టుకుంది. దీన్ని లోయ్లు అంటారు. మళ్లీ పోసింది. ముక్కులో గాలి కాలుతోంది. దిగకూడదని పళ్లు బిగించుకున్నాను. మూడోసారి పోయబోతూ ఆమె నా ముఖం చూసి గరిటె బకెట్‌లో పెట్టేసింది.

"దిగు," అంది.

"సిసు నేర్చుకుంటున్నాను," అన్నాను.

ఆమె నవ్వలేదు. హెయినోలా సంగతి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. కింది బల్ల మీదకు నాతోపాటు దిగి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. హెయినోలా అనే ఊళ్లో 1999 నుంచి ఏటా సౌనా ప్రపంచ పోటీలు జరిపేవారు. 110 డిగ్రీల వేడి, ప్రతి అర నిమిషానికీ రాళ్ల మీద అర లీటరు నీళ్లు. ఎవరు ఎక్కువసేపు కూర్చుంటే వాళ్లు గెలిచినట్టు. 2010 ఆగస్టులో జరిగిన ఫైనల్లో చివరికి ఇద్దరు మిగిలారు, ఒక ఫిన్లాండ్ వాడు, ఒక రష్యన్. ఇద్దరూ లేవలేదు. ఆరు నిమిషాల దగ్గర ఇద్దరినీ ఒళ్లు కాలిన స్థితిలో బయటికి లాగారు. రష్యన్ చనిపోయాడు, మన... ఈమె దేశస్థుడు చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పోటీ మళ్లీ జరగలేదు.

"అది సిసు కాదా?" అన్నాను.

"అదీ సిసే," అంది. "అందుకే చెబుతున్నాను."

ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే ఆమె మాట ఎంత పాతదో అర్థమైంది. సిసు పుట్టింది లోపల అనే మాట నుంచి; దాని చుట్టం సిసుస్ అంటే లోపలి భాగం, పేగులు. 1745లో దానియెల్ యుస్లేనియుస్ అనే బిషప్పు వేసిన ఫిన్నిష్ నిఘంటువులో సిసుకుంద అని ఉంది, మనిషి ఒంట్లో బలమైన ఆవేశాలు పుట్టే చోటు అని. మంచి ఆవేశమా చెడ్డదా అన్న భేదం అక్కడ లేదు. ఇప్పటికీ చెడ్డ సిసు గలవాడు అంటే కోపిష్ఠి అని అర్థం, సిసు రేగింది అంటే కోపంతో పట్టుదల పుట్టిందని. బండను చీల్చుకునైనా పోతాడు అనే అర్థంలో బూడిదరంగు రాతి గుండా పోవడం అని వీళ్లకో నానుడి ఉంది. రాయిని చుట్టి పక్కనుంచి పోవచ్చుగా అని అడిగేవాడు ఆ నానుడిలో ఎవడూ లేడు. 2022లో ఇక్కడి పరిశోధకులు సిసును కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారుచేస్తే, అందులో సగం మేలు చేసే సిసు గురించి, సగం కీడు చేసే సిసు గురించి: వివేకానికి కీడు, తనకు కీడు, పక్కవారికి కీడు. రెజిలియెన్స్ గురించి రాసేవాళ్లు దాన్ని చాలావరకు మేలుగానే చూస్తారు. కోలుకోవడం మరీ ఎక్కువై చెడిపోయాడని ఎవరినైనా అనగా నేను వినలేదు. సిసు ఎక్కువై చెడినవాడు మాత్రం ఊరికొకడుంటాడు.

పెద్దావిడ బట్టలు మార్చుకుంటూ ఇంకొక మాట చెప్పింది. వాళ్లమ్మ కరేలియా మనిషి. 1939 నవంబరు 30న మొదలైన శీతాకాల యుద్ధం 105 రోజులు సాగి, ఆ ప్రాంతాన్ని సోవియట్లకు వదులుకోవడంతో ముగిసింది. నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లు విడిచి ఈ వైపుకు వచ్చారు. ప్రపంచ పత్రికల్లో సిసు అనే మాట మొదటిసారి మారుమోగింది ఆ యుద్ధంలోనే. "పత్రికలన్నీ ఆ 105 రోజుల గురించే రాశాయి," అంది. "మా అమ్మ కొత్త ఊళ్లో, తనను అక్కరలేదనుకున్నవాళ్ల మధ్య, ముప్పై ఏళ్లు ఆవులు పితికింది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు." సిసు అనవచ్చు కదా అన్నాను. అమ్మ ఒప్పుకునేది కాదు అంది, టోపీ పెట్టుకుంటూ.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"దానికింత చర్చ ఎందుకే? మొండిఘటం అంటే సరిపోదా?" అంది.

"మొండిఘటం అంటే తిట్టు కదమ్మా."

"మీ నాన్నను నేను ఎన్నిసార్లు అన్నాను! అన్నిసార్లూ తిట్టాననుకున్నావా?"

ఆలోచిస్తే నేను విన్న అనువాదాలన్నిటిలోకీ ఇదే దగ్గర. ధైర్యం అనీ పట్టుదల అనీ చెబితే మాట శుభ్రపడిపోతుంది, మొండితనంలో మాత్రం ఆ పేగుల వాసన మిగులుతుంది. ఒక్క తేడా. మొండితనం మనకు మనిషి స్వభావం, పుట్టుకతో వచ్చేది. వీళ్ల వ్యాకరణంలో సిసు అలా కాదు. నీళ్లు, పిండి, పాలు వంటి కొలతలేని వస్తువులకు చేర్చే విభక్తినే దీనికీ చేరుస్తారు. మినుల్లా ఓన్ సిసువా. నా దగ్గర కొంత సిసు ఉంది. ఎంతో చెప్పక్కర్లేదు.

సోమవారానికి హోంవర్కు, సిసుతో రెండు వాక్యాలు. మొదటిది ఇదే రాశాను. రెండోది, నేను కింది బల్ల మీదకు దిగాను అని రాసి, అందులో సిసు అనే మాటే లేదని చూసుకుని కొట్టేశాను. బూటు హీటరు పక్కన పెట్టాను, ఇంకా ఆరలేదు.