రెండున్నర రెట్లు అన్న లెక్క ఎక్కడ తప్పింది

పిల్లలకు పడుకునే ముందు వినిపించే తెలుగు కథల యాప్ మాది. నెలకు 149 రూపాయలు. అందులోంచి జీఎస్టీ, పేమెంట్ గేట్‌వే, సర్వర్, కథ చదివినవాళ్ల వాటా పోగా మాకు మిగిలేది 90.

జూన్‌లో యాడ్స్‌కి 6 లక్షలు పెట్టాం. కొత్తగా 1500 మంది డబ్బు కట్టి చేరారు. అంటే తలకు 400 ఖర్చు. అప్పటికి చర్న్, అంటే నెలనెలా చందా మానేసేవాళ్ల వాటా, 6 శాతం నుంచి 9కి పెరిగింది. 90ని 0.09తో భాగిస్తే ఎల్‌టీవీ, అంటే ఒక చందాదారు మానేసేలోపు మాకు మిగిల్చే మొత్తం, వెయ్యి. "రెండున్నర రెట్లు ఉంది కదన్నా, ఎందుకు టెన్షన్?" అన్నాడు మార్కెటింగ్ తమ్ముడు. నేనూ తలూపాను.

ఆరు నెలలు గడిచినా బ్యాంకు ఖాతా మాత్రం తరుగుతూనే ఉంది. అప్పుడు కూర్చుని జూన్‌లో చేరినవాళ్లను రెండు కుప్పలు చేశాను. 1500లో 500 మంది స్నేహితులు చెబితే వచ్చినవాళ్లు. యాడ్స్ చూసి వచ్చింది 1000 మందే. కాబట్టి యాడ్ మనిషికి అసలు ఖర్చు 400 కాదు, 600.

యాడ్స్‌తో వచ్చిన ప్రతి 100 మందిలో రెండో నెల కట్టింది 62 మంది. తర్వాత వరసగా 48, 41, 37, 34. అన్నీ కూడితే ఆరు నెలల్లో 322 చెల్లింపులు, తలకు దాదాపు 290 రూపాయలు. ఆ 34 మందీ ఇకపై నెలకు 8 శాతం చొప్పునే తగ్గుతారనుకున్నా, పెట్టిన 600 తిరిగి రావడానికి 32 నెలలు పడుతుంది. నాలుగేళ్ల పిల్లాడు అప్పటికి ఏడేళ్లవాడవుతాడు, మా కుందేలు కథ వింటాడా?

ఏళ్ల తరబడి కడుతున్న పాత చందాదారులు ఆ 9 శాతంలో కలిసి ఉన్నారు. ఎక్కువమంది మొదటి నెలలోనే జారిపోతున్న సంగతి వాళ్ల వెనక దాక్కుంది.

ఇంకోటి బయటపడింది. రెండో నెలకి పోయిన 38 మందిలో 11 మంది అసలు క్యాన్సిల్ చేయనేలేదు. ఖాతాలో బ్యాలెన్స్ లేక యూపీఐ ఆటోపే ఫెయిలైంది, మేం వాళ్లను వెళ్లిపోయినవాళ్లుగా రాసేసుకున్నాం. చాలామందికి డబ్బు కోసే తేదీ నెలాఖరులో పడింది. మళ్లీ ప్రయత్నించడాన్ని జీతాలు పడే మొదటి వారానికి మార్చాం. 24 గంటల ముందు మెసేజ్ పంపాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి, అది చూసి నిజంగానే క్యాన్సిల్ చేసేవాళ్లూ ఉన్నారు. పదకొండులో ఐదుగురు దక్కారు. దాంతో 600 గట్టెక్కదు.

యాడ్ బడ్జెట్‌ని మూడో వంతుకు కోశాం. మిగిలిన దాంట్లోంచి, స్నేహితుణ్ని చేర్చినవాళ్లకు ఒక నెల ఉచితం ఇచ్చాం. దానికి మాకయ్యేది 90. మరుసటి నెల కొత్తవాళ్లు 1500 నుంచి 800కి పడ్డారు. మీటింగ్‌లో ఆ గ్రాఫ్ తెర మీదకొచ్చినప్పుడు మా సార్ మొహం చూడలేకపోయాను.