నాలుగు ఇన్నింగ్స్‌కి 72

ఈ సంక్రాంతికి గుంటూరులో మా పుట్టింటికి వెళ్లాం. భోగి ముందు రోజు సాయంత్రం మా వాడు ముఖం ఎర్రగా చేసుకుని వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, బావ నన్ను ఏడిపిస్తున్నాడు. నా యావరేజ్ దొంగ యావరేజ్ అంట."

మా వాడికి పదకొండేళ్లు. మెల్‌బోర్న్‌లో పుట్టాడు. అక్టోబర్‌లోనే మొదటిసారి క్లబ్‌లో చేరి అండర్-12 ఆడుతున్నాడు. మా అన్నయ్య కొడుక్కి పదమూడు, గుంటూరులో మూడేళ్లుగా కోచింగ్‌కి వెళ్తున్నాడు. మెల్‌బోర్న్‌లో మా వాడికి అతను 'కజిన్'. అక్కడ ఆ ఒక్క మాటతో సరిపోతుంది. ఇక్కడ మాత్రం అతను మేనబావ, మేనబావకి ఏడిపించే హక్కు ఉంటుంది. నేను అన్నయ్యతో, మా బావలతో అలాంటి వేళాకోళం మధ్యే పెరిగాను కాబట్టి ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా వాడికి ఎవరో ఒకరు చెప్పాలి, ఆ పని నేను చేయలేదు. వాడి స్కూల్లో ఇలా మాట్లాడితే టీచర్ పిలిచి ఇద్దరినీ కూర్చోబెడుతుంది. అందుకే వాడికి అది నిజంగానే అవమానంలా తోచింది.

సరే, అసలు గొడవేంటో చూద్దామని ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టాను. మా వాడి స్కోర్లు నాలుగే: 14, 27, 22, 9. మొత్తం 72 పరుగులు. అవుటయింది ఒక్కసారే, ఆ 14 దగ్గర. యావరేజ్ అంటే పరుగుల్ని ఆడిన ఇన్నింగ్స్‌తో కాకుండా అవుటైన సార్లతో భాగించడం. కాబట్టి వాడి యావరేజ్ 72. బావ తన నోట్‌బుక్ తెచ్చాడు. అట్ట చిరిగిపోయింది, లోపల మాత్రం ప్రతి మ్యాచ్‌కీ తేదీ, పరుగులు, ఎలా అవుటయ్యాడో రాసి ఉన్నాయి. 26 ఇన్నింగ్స్, 3 నాటౌట్, 782 పరుగులు. 782ని 23తో భాగిస్తే 34.

"72 పెద్దదా, 34 పెద్దదా?" అన్నాడు మా వాడు.

"ఒరేయ్, నిన్ను అవుట్ చేయనిస్తే కదా! 30 బంతులు ఆడగానే పెవిలియన్‌కి పిలిచేస్తారంట, దాన్ని నాటౌట్ అని రాసుకుంటారంట" అన్నాడు బావ.

అందులో నిజం ఉంది. పిల్లలందరికీ బ్యాటింగ్ రావాలని మా లీగ్‌లో పెట్టుకున్న నియమం అది. 30 బంతులు ఆడినవాడు రిటైర్ అవ్వాలి, స్కోరుబుక్‌లో అది నాటౌట్. మా వాడి 27, 22 అలా వచ్చినవే. ఆ 9 మాత్రం ఇన్నింగ్స్‌లో ఓవర్లు అయిపోవడంతో నాటౌట్‌గా మిగిలింది. అయితే వాడు మోసం చేసిందేమీ లేదు. పిలిచారు కాబట్టి వచ్చేశాడు. మా నాన్న కుర్చీలోంచి ఆ మాటే అన్నారు. ఆయనకి వి.వి.ఎస్. లక్ష్మణ్ అంటే ప్రాణం. "లక్ష్మణ్ టెస్టుల్లో 225 ఇన్నింగ్స్ ఆడితే 34 సార్లు నాటౌట్. కింద బౌలర్లతో కలిసి ఆడినవాడికి నాటౌట్లు వస్తాయి. అవి తీసేసి 225తో భాగిస్తే 45.97 కాస్తా 39 అవుతుంది. అది న్యాయమా?"

దాంతో మా వాడికి బలం వచ్చింది. బావ వదల్లేదు. "తాతయ్యా, ఆయనవి 225. వీడివి నాలుగు."

అసలు సంగతి ఆ నాలుగులోనే ఉంది. అది మాటలతో చెబితే మా వాడికి ఎక్కదని నోట్‌బుక్ నా చేతిలోకి తీసుకున్నాను. బావ ఇన్నింగ్స్‌లో వరసగా వచ్చిన నాలుగింటిని వేలితో చూపించాను: 61, 47 నాటౌట్, 38 నాటౌట్, 52. "ఈ నాలుగే ఆడి ఆపేసి ఉంటే బావ యావరేజ్ ఎంత?" మా వాడు లెక్కేశాడు. 198 పరుగులు, రెండు సార్లు అవుట్, 99. ఇంకో పేజీ తిప్పాను: 0, 12, 4, 8. 24 పరుగులు, నాలుగు సార్లు అవుట్, 6. అదే పిల్లవాడు, అదే బ్యాటు. ఏ నాలుగు చూస్తే ఆ మనిషిలా కనిపిస్తున్నాడు, ఒక చోట 99, ఒక చోట 6.

మా వాడు ఆ రెండు పేజీల్నీ అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు రేపు మీరిద్దరూ డకౌట్ అయ్యారనుకో" అన్నాను. బావది 782ని 24తో భాగిస్తే 32.58. ఒకటిన్నర తగ్గింది, అంతే. మా వాడిది 72ని రెండుతో భాగించాలి. 36. ఒక్క బంతికి సగం పోయింది. ఏ యావరేజ్‌ని ఎంత నమ్మొచ్చో తెలియాలంటే నాకు తెలిసిన తేలికైన పద్ధతి ఇదే. ఒక సున్నా కలిపి చూడటం.

అప్పుడు నాన్న గాంటోమ్ కథ చెప్పారు. మా వాడికి ఆస్ట్రేలియా ఆటగాడు బ్రాడ్‌మన్ టెస్టు యావరేజ్ 99.94 అని తెలుసు, ఆస్ట్రేలియాలో ఆ అంకె తెలియని పిల్లవాడు నాకు కనిపించలేదు. 80 ఇన్నింగ్స్, 6996 పరుగులు. వెస్టిండీస్ ఆటగాడు ఆండీ గాంటోమ్ 1948లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇంగ్లండ్ మీద ఒకే ఒక్క టెస్టు ఆడాడు, ఒక్కసారే బ్యాటింగ్ చేశాడు, 112 కొట్టాడు. మళ్లీ పిలుపు రాలేదు. ఆయన యావరేజ్ 112. "మరి బ్రాడ్‌మన్ కన్నా గొప్పవాడా?" అని అడిగారు నాన్న. మా వాడు కాదన్నాడు, వెంటనే "కానీ తక్కువవాడని కూడా చెప్పలేం, ఆయన్ని ఆడనివ్వలేదు కదా" అన్నాడు. అందుకే రికార్డుల పట్టికల్లో సాధారణంగా 20 ఇన్నింగ్స్ అయినా ఆడినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారని నాన్న చెప్పారు.

"అంటే నేను 20 ఆడేదాకా మాట్లాడకూడదా?"

"మాట్లాడు. గెలిచానని మాత్రం అనకు" అన్నాడు బావ. మా వాడు మళ్లీ ముడుచుకుపోయాడు. ఈసారి వాడిని పక్కకి తీసుకెళ్లి, మేనబావ ఎందుకలా అంటాడో, తిరిగి ఏమనొచ్చో చెప్పాను. నేనే ముందు చెప్పాల్సింది. రాత్రి అన్నం దగ్గర మా వాడు బావ వంక చూసి, "0, 12, 4, 8 బావా, నెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. అన్నయ్య పగలబడి నవ్వాడు, బావ కూడా నవ్వాడు. మావాడు ఏదో తప్పన్నాననుకుని నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

నిజానికి ఎవరు బాగా ఆడతారో ఆ అంకెలు ఇంకా చెప్పలేవు. మా వాడి 72 నిలవదు, అలాగని ఆడిన నాలుగింటితో భాగించి 18 అంటే అదీ అన్యాయమే, మధ్యలో ఆపేశారు కాబట్టి. బావ ఆడేది నున్నటి మట్టి పిచ్ మీద, పెద్ద పిల్లలతో. వీడు ఆడేది సింథటిక్ పిచ్ మీద.

తిరిగొచ్చాక ఫిబ్రవరిలో ఒక శనివారం మ్యాచ్ అయ్యాక కారులో ఎక్కగానే ఫోన్ అడిగాడు. స్కోరు నేనడగలేదు, చూశాను కాబట్టి. వీడియో కాల్‌లో బావ రాగానే, "బావా, డకౌట్. 36" అన్నాడు.

"ఎలాంటి బంతిరా?"

"లోపలికొచ్చింది. ఫుల్‌గా వేశాడు, నేను కాలు ముందుకి వేయలేదు."

"బ్యాటు ఎక్కడుంది అప్పుడు?"

ఇల్లు చేరేదాకా ఆ బంతి గురించే మాట్లాడుకున్నారు.