సైకిల్ గ్రూప్ రైడ్ లాగ్: వెయిటింగ్ వల్ల టైమ్ ఎక్కడ పోతోంది

రూట్ అదే, 60 కి.మీ., దాదాపు ఫ్లాట్. ముందు బ్యాచ్ గంటకి 25 కి.మీ. తొక్కుతుంది, కొత్తవాళ్ళు 18 దగ్గర ఉంటారు. 15 కి.మీ.కి ఒకటి చొప్పున మధ్యలో మూడు రీగ్రూప్ పాయింట్లు పెట్టుకున్నాం, అక్కడ ముందువాళ్ళు ఆగితే వెనకవాళ్ళు వచ్చి కలుస్తారు.

పోయినసారి ఇదే రూట్ 3 గంటల 56 నిమిషాలు పట్టింది. ముందు బ్యాచ్ వాళ్ళ గోల ఏంటంటే "ఒక్కో చోట 14 నిమిషాలు నిలబడ్డాం, మూడు చోట్ల కలిపి 42, అదంతా వేస్ట్" అని. 14 కరెక్టే, 15 కి.మీ. వాళ్ళకి 36 నిమిషాలు, చివరివాళ్ళకి 50. కానీ మధ్యలో ఎవరూ ఎక్కడా ఆగకుండా తొక్కినా చివరి మనిషి ఇంటికి చేరేది 3 గంటల 20 నిమిషాలకే కదా. అంటే ఆ 42 నిమిషాలు ముందువాళ్ళ కాళ్ళకి రెస్ట్ అయ్యాయి తప్ప గ్రూప్ టైమ్‌కి ఒక్క నిమిషం కూడా కలవలేదు.

మరి మిగతా 36 నిమిషాలు? చివరి మనిషి వచ్చి కాలు కింద పెట్టాక మళ్ళీ బయల్దేరేదాకా ఒక్కో పాయింట్‌లో 12 నిమిషాలు. ప్లాన్‌లో 5 రాసుకున్నాం. అప్పటిదాకా ఖాళీగా కూర్చున్నవాళ్ళకి సరిగ్గా అందరూ వచ్చాకే బాటిల్ నింపుకోవాలని, టైర్‌లో గాలి చూసుకోవాలని, ఫోటో దిగాలని గుర్తొస్తుంది, ఒకడు రెడీ అయ్యేసరికి ఇంకొకడు మాయం. ఇది యాప్‌లో మూవింగ్ టైమ్ చూస్తే కనపడదు, ఎలాప్స్‌డ్ టైమ్ చూడాలి, అదీ చివర తొక్కినవాళ్ళ ఫైల్‌లో.

ఈసారి రూల్ ఒక్కటే పెట్టాం. చివరి మనిషి ఆగిన క్షణం నుంచి 6 నిమిషాలు, స్వీప్ (అందరికంటే వెనక ఉండేవాడు) ఫోన్‌లో టైమర్ పెడతాడు, ముందు వచ్చినవాళ్ళు తమ పనులన్నీ అప్పటికే ముగించుకుని ఉండాలి. సున్నా ఎందుకు కాదంటే, చివరివాళ్ళు రాగానే "ఆ వచ్చారుగా పదండి" అని కదిలితే ముందువాళ్ళకి 14 నిమిషాల రెస్ట్, అసలు అవసరమైనవాళ్ళకి ఏమీ లేదు. దాంతో ఆఖరి 15 కి.మీ.లో వాళ్ళు 18 నుంచి 16కి పడిపోయినా చాలు, ఆ ఒక్క ముక్కే 56 నిమిషాలు అవుతుంది, ఒక పాయింట్‌లో మిగిల్చిన 6 అక్కడే పోతాయి.

రెండో మార్పు, ముందు బ్యాచ్ నుంచి ఒకరు వంతులవారీగా వెనక్కి వచ్చి, కొత్తవాళ్ళకి సరిగ్గా ముందు తొక్కుతూ వాళ్ళకి గాలి కాయడం. రెండు సెగ్మెంట్లలో చేశాం, ఎదురుగాలి ఉన్నవి. 18 కాస్తా 20 అయింది, 50 నిమిషాలది 45కి వచ్చింది. లాగేవాడు స్పీడ్ మార్చకూడదు, వెనక చక్రం దగ్గర నుంచి మనిషి జారిపోతే ఇక లాభం లేదు, అందుకే మాటిమాటికీ "ఉన్నావా" అని అడుగుతూ వెళ్ళాలి. దగ్గరగా తొక్కడం అలవాటు లేనివాళ్ళని బలవంతం చేయలేదు.

మొత్తం 3 గంటల 28 నిమిషాలు. 28 తగ్గాయి, అందులో 18 టైమర్‌వి, 10 మాత్రమే గాలి కాచినందుకు వచ్చినవి.

మధ్యలో ముందు బ్యాచ్‌లో ఒకరికి పంక్చర్, ట్యూబ్ మార్చడానికి 10 నిమిషాలు. టోటల్‌లో దాని జాడే లేదు, ఎందుకంటే ఆ 14 నిమిషాల గ్యాప్‌లో కలిసిపోయింది! అదే పంక్చర్ చివరి మనిషికి అయ్యుంటే పూర్తిగా 10 కలిసేది, పైగా మార్చడం రాకపోతే ఇంకా ఎక్కువ. అందుకే చెయ్యి తిరిగినవాడు, పంపు, స్పేర్ ట్యూబులు ఇవన్నీ వెనకే ఉండాలి, మా దగ్గర ఇన్నాళ్ళూ అన్నీ ముందుండేవి.

నెక్స్ట్ రూట్‌లో 5 కి.మీ. ఎక్కుడు, దాని తర్వాత 15 కి.మీ. ఫ్లాట్. ఇక్కడ లెక్క మారుతుంది, ఎందుకంటే నెమ్మదిగా ఉండేది రెండు చోట్లా ఒకే మనిషి కాదు. ఒకాయనకి ఎక్కుడు 40 నిమిషాలు, ఫ్లాట్ 40. ఇంకొకావిడకి ఎక్కుడు 30, ఫ్లాట్ 50. మధ్యలో ఆపకపోతే ఇద్దరూ 80కే చేరతారు, పైన రీగ్రూప్ పెడితే ముందు ఆయన కోసం 40, తర్వాత ఆవిడ కోసం 50, మొత్తం 90, పైగా రెస్ట్ 6. ఇలాంటి చోట మాత్రం వెయిటింగ్ నిజంగానే టైమ్ తింటుంది. అయినా పైన ఆపుతున్నాం, అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది, తప్పు దారి పట్టినవాళ్ళని వెతకడం కంటే 16 నిమిషాలు ముందే ప్లాన్‌లో రాసుకోవడం నయం.