ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు

లూపస్‌కి నాలుగేళ్లుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నాను. మొదట రోజుకు 40 మిల్లీగ్రాములు, మెల్లగా 7.5కి దిగింది. కిందటేడు కార్తీకంలో తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోతే కుడి గజ్జలో కలుక్కుమంది. తర్వాత నొప్పి మోకాలిదాకా పాకింది. ముందు మోకాలికి, తర్వాత తుంటికి ఎక్స్‌రే తీశారు. రెండూ బాగానే ఉన్నాయి. "శుభ్రంగా ఉందమ్మా, మీ వయసులో నొప్పులు మామూలే, బాగా నడవండి" అన్నారు ఆ డాక్టరు. స్టెరాయిడ్ సంగతి ఆయన ముందున్న చీటీలోనే ఉంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె మండుతుంది.

చెప్పినట్టే నడిచాను. మాఘంలో ఒక రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచి కాలు మోపితే, గజ్జలో కత్తి దిగినట్టయింది. గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. మావారు లేపబోతే కేక పెట్టాను. తెల్లారేదాకా అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని ఆ నేలమీదే కూర్చుంది. ఇక లేచి నడవలేనేమోనని ఆ రాత్రంతా ఏడ్చాను.

రెండో డాక్టరుగారు నన్ను పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని బయటివైపు తిప్పారు. ఎడమ కాలు తిరిగింది, కుడిది కొంచెం కదిలి బిగుసుకుపోయింది. ఆయన వెంటనే రెండు తుంట్లకీ ఎమ్మారై రాశారు. నొప్పి లేని ఎడమవైపుకి ఎందుకండీ అంటే, స్టెరాయిడ్ వాడేవాళ్లకి తుంటి ఎముక రక్తం అందక చచ్చిపోయే జబ్బు రావచ్చని, అది తరచు రెండువైపులా వస్తుందని అన్నారు.

ఫిల్మ్‌లో కుడి తుంటి కీలులో బంతిలా ఉండే ఎముక లోపలి మజ్జ తెల్లగా ఉంది. దాని పైభాగంలో పొలం గట్టులా వంకర నల్లగీత. గీతకి అటువైపు రక్తం అందక ఎముక చచ్చిపోయిందట. కొత్త ఎక్స్‌రేలో కుడి బంతి గుండ్రంగానే ఉన్నా లోపల మచ్చలు తేలాయి. అది రెండో దశ. ఎడమవైపు ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఎమ్మారైలో మాత్రం సన్నగీత ఉంది. అది మొదటి దశ. అంటే కార్తీకంలో నా కుడి తుంటి ఉన్నది ఈ స్థితిలోనే! మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. బంతి పైపెంకు కింద నెలవంకలా నల్లచీలిక వస్తే మూడో దశ, ఎముక కుంగడం మొదలైనట్టే. కీలు సందు కూడా అరిగితే నాలుగోది.

నాకు ఆ నెలవంక రాలేదు. దేవుడి దయ అనే అంటాను. కుడి ఎముకకి రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించారు. ఆరు వారాలు ఊతకర్రలు వాడాను.

కోపంలో మాత్రలు పారేయబోతే ఆ డాక్టరుగారే ఆపారు. ఏళ్లతరబడి వాడినవాళ్లు ఒక్కసారి మానేస్తే బీపీ పడిపోయి ప్రాణానికే ముప్పట. మోతాదు ఆయనే మా లూపస్ డాక్టరుతో మాట్లాడి 5కి తగ్గించారు. మీరు స్టెరాయిడ్ వాడుతూ గజ్జలో నొప్పి వస్తే, ఎక్స్‌రే బాగుందన్నా సరే, ఎమ్మారై అడగండి.

ఎడమ తుంటికి వచ్చే నెల మళ్లీ స్కాన్. పాత ఫిల్మ్‌లు సంచిలో సర్దిపెట్టాను, పక్కపక్కన పెట్టి ఆ గీత పెరిగిందో లేదో చూస్తామన్నారు.