మూడు గంటల పరుగు, ఏడు వందల గ్రాముల బరువు

విశాఖపట్నంలో మే నెల తెల్లవారుజామున కూడా గాలి తడిగా ఉంటుంది. పరుగు మొదలుపెట్టిన పావుగంటకే చెమట ఆరకుండా మోచేతుల మీదుగా కారిపోతుంది. ఆవిరైన చెమటే ఒంటిని చల్లబరుస్తుంది, కారిపోయినది చల్లబరచదు. కాబట్టి శరీరం మరింత చెమట పోస్తుంది. అది చూసి భయపడి, మారథాన్ సాధనలో భాగంగా బీచ్ రోడ్డు మీద మూడు గంటలు పరుగెత్తిన ఒక ఆదివారం నేను దాదాపు నాలుగు లీటర్ల మంచినీళ్లు తాగాను.

ఇంటికి వచ్చేసరికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. వేలి ఉంగరం ఎంత తిప్పినా కదలలేదు. వెళ్లేముందు 64.2 కిలోలున్న బరువు 64.9కి పెరిగింది. ఒంట్లో నీరు తగ్గిందనుకొని మళ్లీ చెంబు అందుకుంటుండగా మా అక్క వారించి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది. రక్తంలో సోడియం 135కు తగ్గకూడదు. నాకు 131 వచ్చింది. “మీకు నీళ్లు తక్కువ కాలేదండీ, ఎక్కువయ్యాయి. మూత్రం ధారాళంగా వచ్చేదాకా నీళ్లు ఆపి, ఉప్పగా ఏదైనా తినండి,” అన్నారు డాక్టరు. మాట తడబడినా, అయోమయం కలిగినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలనీ హెచ్చరించారు.

తర్వాతి వారం నా చెమటను కొలుచుకున్నాను. మూత్రవిసర్జన చేసి, బట్టలు లేకుండా తూకం చూసుకుంటే 64.0 కిలోలు. గంట పరుగెత్తి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి, ఒళ్లు పొడిగా తుడుచుకొని మళ్లీ చూస్తే 63.3. తడిసిన బనియనుతో తూగితే లెక్క తప్పుతుంది. తగ్గిన 700 గ్రాములకు తాగిన 400 కలిపితే, గంటకు నా చెమట 1.1 లీటర్లు. ఆ ఆదివారం మూడు గంటలకు పోయినది 3.3 లీటర్లు, తాగినది నాలుగు. ఆ తేడాయే తూకంలో కనిపించిన 700 గ్రాములు. ఈ లెక్క నాది మాత్రమే. మనిషిని బట్టి, ఎండను బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది.

ఇప్పుడు సుదీర్ఘమైన పరుగుల్లో దాహాన్ని బట్టి గంటకు 650 మిల్లీలీటర్లకు మించకుండా తాగుతున్నాను. ఓఆర్ఎస్ పొట్లాన్ని, దాని మీద రాసినట్టే, సరిగ్గా లీటరు నీళ్లలో కలుపుతాను. అయితే ఓఆర్ఎస్‌లోని సోడియం గాఢత రక్తంలో ఉన్నదానిలో సుమారు సగమే కాబట్టి, అదైనా మితిమీరి తాగితే అదే ప్రమాదం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందువల్ల చెమటలో పోయిన ఉప్పుకు అవి చాలవు. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ, ఆవకాయన్నం ఆ లోటు తీరుస్తున్నాయి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఉప్పు పెంచకూడదు.

మొన్నటి మూడు గంటల పరుగుకు ముందు 64.1, తర్వాత 62.9. తలనొప్పి రాలేదు, ఉంగరం వేలి మీద సులువుగా తిరిగింది.