నిఫ్టీ పెరిగింది, నా కాల్ తగ్గింది

నిఫ్టీ ఆప్షన్ల గడువు తీరే రోజు, అంటే ఎక్స్‌పైరీ, గురువారం నుంచి మంగళవారానికి మారిన కొత్తలో, 2025 చివర్లో, ఒక శుక్రవారం మార్కెట్ ముగిసే ముందు వీక్లీ కాల్ కొన్నాను, అంటే నిఫ్టీ పెరుగుతుందని పందెం కాసే, వచ్చే మంగళవారమే గడువు తీరే ఆప్షన్. నిఫ్టీ 25,000 దగ్గర ఉంది, స్ట్రైక్, అంటే కాల్‌లో ముందే ఖరారైన నిఫ్టీ స్థాయి, కూడా అదే; ప్రీమియం, అంటే కాల్ ధర, 100 రూపాయలు. అప్పట్లో ఒక లాట్‌కి 75 యూనిట్లు కాబట్టి 7,500 పెట్టాను. చవగ్గా దొరికిందని సంబరం!

సోమవారం మార్కెట్ ముగిసేసరికి నిఫ్టీ 30 పాయింట్లు పెరిగింది. నా కాల్ మాత్రం 67 దగ్గర ఉంది. రెండున్నర వేలు గాలికి పోయాయి. బ్రోకర్ యాప్ తప్పు చూపిస్తోందేమో అనుకున్నాను.

ఆప్షన్స్‌లో చాలా ఏళ్లుగా ఉన్న మా బాబాయి లెక్క చెప్పాడు. "ఒరేయ్, ఇండెక్స్ దగ్గరి స్ట్రైక్‌లో ప్రీమియం మిగిలిన రోజుల వర్గమూలాన్ని బట్టి నడుస్తుంది. నాలుగు రోజులుండగా కొన్నావు, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. వర్గమూలం రెండు కాస్తా ఒకటయింది, అంటే కాలం విలువ సగం." 100 కాస్తా 50 అయితే, 30 పాయింట్ల పెరుగుదల తిరిగి తెచ్చింది 17. శని, ఆదివారాలు మార్కెట్‌కి సెలవేగానీ తరుగుదలకి కాదు.

అదే శుక్రవారం 25 రోజులున్న మంత్లీ 25,000 కాల్ దాదాపు 260 ఉంది. ఆ మూడు రోజుల్లో కాలం తిన్నది 16 రూపాయలు, పెరుగుదల ఇచ్చింది కూడా అంతే. అంటే కొన్నచోటే ఉండేవాణ్ణి. కాకపోతే 19,500 కట్టాలి, నిఫ్టీ గట్టిగా పడితే పోయేదీ ఎక్కువే. ఆ మాట ఎవరూ ముందు చెప్పరు.

సరే, మంత్లీకి మారాను. అక్కడ ఇంకో దెబ్బ. వీక్లీలో ఇండెక్స్ దగ్గరి స్ట్రైక్‌లకి కొనేవాళ్లు ఇస్తామనే బిడ్‌కీ, అమ్మేవాళ్లు అడిగే ఆస్క్‌కీ మధ్య తేడా పైసల్లో ఉంటుంది, కాబట్టి ఆ అలవాటుతోనే మంత్లీ 25,150 కాల్‌కి, దొరికిన ధరకి కొనేసే మార్కెట్ ఆర్డర్ కొట్టాను. బిడ్ 196, ఆస్క్ 200. కొన్న క్షణంలోనే 300 రూపాయల నష్టం. మంత్లీలో జనం 25,000, 25,500 లాంటి గుండ్రటి స్ట్రైక్‌ల దగ్గరే గుమిగూడతారు, మధ్యలోవి పలచగా ఉంటాయి. ఇప్పుడు ముందు ఓపెన్ ఇంటరెస్ట్, అంటే ఆ స్ట్రైక్‌లో ఇంకా తెరిచి ఉన్న కాంట్రాక్టులెన్నో, బిడ్, ఆస్క్ తేడా ఎంతో చూసుకుని, నేను చెప్పిన ధర దాటని లిమిట్ ఆర్డర్ మాత్రమే పెడతాను.

కొత్తగా కొనేవాళ్లకి నేను మంత్లీయే చెబుతాను, ఒక్క లాట్, అదీ గుండ్రటి స్ట్రైక్. అంచనా రెండు రోజులు ఆలస్యమైనా అది ఊపిరి తీసుకోనిస్తుంది. అయితే ఆఖరి వారంలో మంత్లీ కూడా వీక్లీలాగే కరిగిపోతుంది. అందుకే ఎక్స్‌పైరీకి పది రోజుల ముందు తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటాను. లాభమో నష్టమో, ఆ రోజు మధ్యాహ్నం మూడింటికల్లా అమ్మేస్తాను.